పనీర్ ప్యాకెట్ వెనకవైపు కూడా చూపించండి: సరుకుల యాప్‌ల వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ఇంటింటికీ సరుకులు చేర్చే యాప్‌ల నిర్వాహకులకు, ముఖ్యంగా సరుకుల పేర్లూ ఫొటోలూ ఎక్కించే విభాగం వారికి,

నమస్కారం. నేను తార్నాకలో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఒక డెయిరీ ప్లాంటులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం క్వాలిటీ ల్యాబ్‌లోనే గడిచింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరికి పనీర్ మీద అనుమానం వచ్చినా ఫొటో తీసి నాకు పంపుతున్నారు. "ఇది అసలుదేనా, చూసి చెప్పండి" అంటారు. ఈ శ్రావణంలో అలా వచ్చిన రెండు ఫొటోల వల్లే మీకు ఈ లేఖ రాయాల్సి వచ్చింది.

మా కింది పోర్షన్ అక్క మనవడి మొదటి పుట్టినరోజు. శ్రావణ మాసం కాబట్టి ఆ ఇంట్లో నీచు వండరు. బగారా అన్నం, పనీర్ కూర, పచ్చి పులుసు చేద్దామనుకున్నారు. అరవై మందికి లెక్క వేసి, మీలో ఒకరి యాప్‌లో కిలో దిమ్మలు ఐదు ఆర్డర్ పెట్టారు. మూడు ఆమె అడిగిన బ్రాండువే వచ్చాయి. మిగతా రెండు వేరే కవర్లో వచ్చాయి. "ఆ కంపెనీది స్టాక్ అయిపోయిందక్కా, అదే రకం పంపారు" అన్నాడు తెచ్చిన అబ్బాయి. అక్కకి అనుమానం వచ్చి, రెండు రకాల్లోనూ ఒక్కో ప్యాకెట్ విప్పి, చాకుతో కోసి, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టింది.

మొదటి ఫొటోలో, అంటే ఆమె అడిగిన బ్రాండు దిమ్మలో, కోసిన ముఖం నున్నగా ఉంది. అంచులు చాకుతో గీసినట్టు తిన్నగా ఉన్నాయి. పైన గుడ్డ అచ్చు లేదు, ఎక్కడా చిన్న గుంట కూడా లేదు. రెండో ఫొటోలో దిమ్మ మీద నూలు గుడ్డ అల్లిక గళ్లు గళ్లుగా పడి ఉంది. కోసిన చోట పలుకులు కనిపిస్తున్నాయి, ఒక మూల కొంచెం విరిగి రాలింది. పది నిమిషాల్లో గ్రూపు తీర్పు చెప్పేసింది. మొదటిది ప్లాస్టిక్‌లా ఉందని, అది నకిలీ అని. రెండోది ఇంట్లో పాలు విరగ్గొట్టి చేసినట్టే ఉందని, అదే అసలని. నిజం చెప్పాలంటే, ఫొటోలు మాత్రమే చూసినప్పుడు నాకూ మనసు అటే మొగ్గింది.

అక్కకి ఫోన్ చేసి రెండు కవర్ల వెనకవైపు ఫొటోలు తీసి పంపమన్నాను. మొదటి కవరు మీద పదార్థాల వరుసలో ఉన్నవి రెండే: మిల్క్, అసిడిటీ రెగ్యులేటర్ ఐఎన్ఎస్ 330. రెండో కవరు మీద ఇలా ఉంది: స్కిమ్డ్ మిల్క్ సాలిడ్స్, ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్, పక్కనే పామాయిల్ నుంచి తీసే పామోలీన్ అన్న పేరు, తర్వాత అసిడిటీ రెగ్యులేటర్ ఐఎన్ఎస్ 260, ఎమల్సిఫయర్ ఐఎన్ఎస్ 471. ముందువైపు ఫ్రెష్, సాఫ్ట్, మలాయ్ అని పెద్ద అక్షరాలున్నాయి. వాటి కింద, ఆకుపచ్చ మీద తెల్లగా, చిన్న అక్షరాల్లో "అనలాగ్ ఇన్ డైరీ కాంటెక్స్ట్" అని ఉంది, అంటే పాల పదార్థంలా కనిపించే వేరే సరుకు అని.

అంటే గ్రూపు తీర్పు పూర్తిగా తారుమారైంది. నున్నగా ఉన్నదే పాలతో చేసిన పనీర్. పలుకులుగా, గుడ్డ అచ్చుతో ఉన్నది పామోలీన్ కలిపినది.

ఇలా ఎందుకు జరుగుతుందో వివరంగా చెబుతాను. మీ కేటలాగ్ ఫొటోలు ఎలా ఉండాలన్నది దీని మీదే ఆధారపడి ఉంది.

పనీర్ చేసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. గేదె పాలనో, కలిపిన పాలనో 90 డిగ్రీల దాకా కాచి, 70 నుంచి 80 డిగ్రీల మధ్యకు చల్లార్చి, నీళ్లలో కలిపిన సిట్రిక్ యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోస్తూ మెల్లగా కలుపుతారు. పాలలోని మాంసకృత్తులు విరిగి, కొవ్వును తమలో పట్టుకుని, పలుకులుగా కూడుకుంటాయి. తేట నీళ్లు వేరవుతాయి. ఆ పలుకుల్ని గుడ్డ పరిచిన చట్రంలో పోసి, పైన బరువు పెట్టి ఒత్తుతారు. తర్వాత దిమ్మను రెండు మూడు గంటలు బాగా చల్లటి నీళ్లలో ఉంచుతారు. పలుకులు పక్కపక్కనే అతుక్కోవడం వల్ల పనీర్‌కి ఆ కూర్పు వస్తుంది. సరిగా అతుక్కోని చోట తేట నీళ్లు కాసేపు నిలిచి, సన్నటి చీలికలూ వంకర గుంటలూ మిగులుతాయి. మనం ఫొటోలో చూసి "పలుకు" అంటున్నది ఇదే.

ఇప్పుడు రెండో కవరు సంగతి. అందులో ఉన్నవి వెన్న తీసిన పాల ఘనపదార్థాలు. అంటే పాల మాంసకృత్తు ఉంది. తీసేసింది పాల కొవ్వుని. దాని చోట పామోలీన్ పోసి, నూనె పాలలో కలిసేందుకు ఎమల్సిఫయర్ వేసి, యంత్రంలో చిన్న చిన్న బొట్లుగా చిదిపి పాలలో కలిపేశారు. ఆ తర్వాత యాసిడ్ పోయడం, విరగ్గొట్టడం, గుడ్డలో ఒత్తడం, చల్లటి నీళ్లలో వేయడం అన్నీ పనీర్‌కి చేసినట్టే చేశారు. దిమ్మకి కూర్పునిచ్చేది మాంసకృత్తు. మార్చింది కొవ్వుని. ఫొటోలో కనిపించేది మాంసకృత్తు అల్లిక మాత్రమే. కొవ్వు ఏ జాతిదో ఎంత మంచి కెమెరాకైనా అందదు. పనీర్ ఫొటోల మీద తీర్పులు చెప్పేవాళ్లంతా ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి ఫొటో ఎప్పుడూ పనికిరాదా? పనికొచ్చే సందర్భం ఒకటుంది. మాంసకృత్తును కూడా తగ్గించి, ఆ లోటును స్టార్చ్‌తోనో సోయాతోనో పూడ్చి, గమ్‌లు వేసి, అంతా కలిపి ఉడికించి అచ్చులో పోసి గట్టిపరిచిన రకాలున్నాయి. అక్కడ పలుకులు పుట్టి, ఒకదానికొకటి అతుక్కునే దశే ఉండదు. అందుకే ఆ దిమ్మని విరిచి చూస్తే హల్వా ముక్క విరిచినట్టు ఒకే రకంగా ఉంటుంది. లోపల బుడగలుంటే అవి వంకర చీలికల్లా కాకుండా గుండ్రంగా, చుట్టూ నున్నగా ఉంటాయి. ముక్కను వంచితే విరగడానికి ముందు రబ్బరులా కాస్త సాగుతుంది. ఇలాంటిదాన్ని మంచి ఫొటోలో అనుమానించవచ్చు. అనుమానించవచ్చు అంటున్నాను, తేల్చవచ్చు అనడం లేదు.

ఎందుకంటే, పాలతో చేసిన పనీర్ కూడా నున్నగా కనిపించడానికి ఎన్నో కారణాలుంటాయి. పెద్ద ప్లాంట్లలో గాలి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుల్లో దిమ్మను గట్టిగా, సమానంగా ఒత్తుతారు. తర్వాత గాలి తీసేసి ప్యాక్ చేస్తారు. దాంతో గుంటలు మూసుకుపోతాయి, గుడ్డ అచ్చు అణిగిపోతుంది. చట్రం పెద్దదైతే, అందులోంచి మధ్య భాగాన్ని కోసిన కిలో దిమ్మకు గుడ్డ తగిలిన ముఖమే ఉండకపోవచ్చు. మా అక్కకి వచ్చిన మొదటి దిమ్మ సరిగ్గా అలాంటిదే. తక్కువ కొవ్వు పనీర్ అయితే పాలతో చేసినదే అయినా రబ్బరులా సాగుతుంది, ఎందుకంటే మాంసకృత్తు మధ్య మెత్తదనం ఇచ్చే కొవ్వు తక్కువ. ఫ్రీజర్‌లో గడ్డకట్టి కరిగిన పనీర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. లోపల మంచు పలుకులు కట్టి కరగడం వల్ల పొరలు పొరలుగా, పొడిపొడిగా తయారవుతుంది. చూసినవాళ్లకి అది మరీ అసలైనదిగా అనిపిస్తుంది.

ఫొటో తీసే తీరు వల్ల జరిగే పొరపాట్లు వేరే ఉన్నాయి. పదునైన చాకుతో కోస్తే, చాకు వెనక్కి జారేటప్పుడు కొవ్వు ముఖం మీద పూసుకుని పలుకుల్ని కప్పేస్తుంది. ఫ్లాష్ వేసి ఎదురుగా తీస్తే నీడలు పోతాయి. నీడ లేకపోతే గుంటా లేనట్టే కనిపిస్తుంది. ఫోన్లు వాటంతటవే చర్మాన్ని నున్నగా చేసినట్టు పనీర్‌నీ నున్నగా చేస్తున్నాయి. దాన్ని వాట్సాప్‌లో పంపితే ఇంకొంత వివరం పోతుంది. ఇన్ని దాటి వచ్చిన ఫొటోను చూసి ఒక తయారీదారుని దొంగ అనడం అన్యాయం. ఒక అనలాగ్‌ను అసలు పనీర్ అని ఇంటిల్లిపాదికీ వడ్డించడమూ అన్యాయమే.

అందుకే నేను గ్రూపులో అందరికీ చెప్పేది ఒకటే: ముందు కవరు వెనక చూడండి. చూసేటప్పుడు అన్నింటికన్నా ముందు కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి. మిగతా పేర్లు చూసి కంగారు పడాల్సిన పని లేదు. ఐఎన్ఎస్ 330 అని చూడగానే "కెమికల్" అని భయపడేవాళ్లున్నారు. అది సిట్రిక్ యాసిడ్, నిమ్మకాయలో ఉండే పులుపే. ఐఎన్ఎస్ 260 అంటే అసిటిక్ యాసిడ్, వెనిగర్ పులుపు. 575 అయినా, 270 అయినా పాలు విరగ్గొట్టే పులుపులే. ఏదో ఒక పులుపు లేకుండా పనీర్ తయారు కాదు. పనీర్ అంటే పాలకు, కావాలంటే పాల ఘనపదార్థాలు కూడా కలిపి, అనుమతించిన ఆమ్లంతో వేడి మీద విరగ్గొట్టినదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణమే చెబుతోంది. కాబట్టి వరుసలో పాలపొడి ఉన్నంత మాత్రాన అది తప్పు కాదు.

వెతకాల్సిన మాటలు వేరు. ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్, వెజిటబుల్ ఫ్యాట్, పామోలీన్, పామ్ ఆయిల్, హైడ్రోజినేటెడ్ ఫ్యాట్. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది పనీర్ కాదు, అనలాగ్. ఎంత కలిపారన్న వాదన ఇక్కడ చెల్లదు. పాల పదార్థంలో ఏ భాగాన్నయినా, కొంతైనా మొత్తమైనా, పాల నుంచి రానిదానితో భర్తీ చేస్తే దాన్ని అనలాగ్ అనాలని నిబంధన. స్టార్చ్, మాల్టోడెక్స్‌ట్రిన్, సోయా ప్రొటీన్ అన్న మాటలదీ ఇదే సంగతి. పదార్థాల్ని బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదానికి వరుసగా రాయాలి కాబట్టి, రెండో స్థానంలో నూనె ఉంటే అది నామమాత్రంగా వేసింది కాదని అర్థం.

కొందరు ఆకుపచ్చ చుక్క చూసి ధైర్యపడతారు. పామోలీన్ కూడా శాకాహారమే కదా. ఆ చుక్క రెండు కవర్ల మీదా ఉంటుంది. కవరు మీద గేదె బొమ్మ ఉందా, మలాయ్ అని ఉందా అన్నదీ లెక్కలోకి రాదు.

పదార్థాల వరుస చదివాక ఇంకొక చోట సరిచూడొచ్చు. అది పోషకాల పట్టిక. చాలామంది అందులో ప్రొటీన్ చూసి వదిలేస్తారు. నేను కొవ్వునీ కొలెస్ట్రాల్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తాను. కొలెస్ట్రాల్ జంతువుల కొవ్వులో ఉంటుంది, మొక్కల నూనెలో దాదాపు ఉండదు. పాల కొవ్వులో గ్రాముకు సుమారు 2 నుంచి 4 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. అక్క పంపిన మొదటి కవరు మీద 100 గ్రాములకు కొవ్వు 23 గ్రాములు, కొలెస్ట్రాల్ 65 మిల్లీగ్రాములు అని ఉంది. గ్రాముకు మూడుకి కాస్త తక్కువ. అంటే పాల కొవ్వుకు సరిపోయింది. రెండో కవరు మీద కొవ్వు 22 గ్రాములు, కొలెస్ట్రాల్ 4 మిల్లీగ్రాములు. అంత కొవ్వు పాలదే అయితే కొలెస్ట్రాల్ కనీసం 40కి పైగా ఉండాలి. ఆ నాలుగు మిల్లీగ్రాములు వెన్న తీసిన పాలలో మిగిలిన కాస్త కొవ్వువి. పదార్థాల వరుస చిరిగిపోయినా, ఫొటోలో మసకగా ఉన్నా, ఈ రెండు అంకెలు చదవగలిగితే చాలు, అనుమానించాలో వద్దో తెలుస్తుంది. కాకపోతే కొందరు తయారీదారులు ఈ పట్టికను అజాగ్రత్తగా నింపుతారు. ఒక్క దీని మీదే తీర్పు చెప్పకుండా, పదార్థాల వరుసతో కలిపి చూడాలి.

నాకు తరచూ వచ్చే ఇంకో ప్రశ్న అయోడిన్ గురించి. పనీర్ ముక్క మీద అయోడిన్ చుక్క వేసి, నల్లబడితే నకిలీ, లేకపోతే అసలు అని వీడియోలు తిరుగుతున్నాయి. అయోడిన్ పట్టుకునేది స్టార్చ్‌ను మాత్రమే. స్టార్చ్ ఉంటే నీలి నలుపుకు మారుతుంది, అది నిజం. కానీ మా అక్కకి వచ్చిన రెండో దిమ్మలో స్టార్చ్ లేదు, నూనె ఉంది. దాని మీద అయోడిన్ వేస్తే రంగు మారదు. ఇంకోవైపు, హోటల్లో మొక్కజొన్న పిండి అద్ది వేయించిన అసలు పనీర్ ముక్క నల్లబడుతుంది. గ్రూపులో ఒకాయన ఇలాగే పరీక్ష చేసి హోటల్ వాళ్లతో గొడవ పెట్టుకున్నారు. ఆయనకి కోపం రావడం సహజమే, పరీక్షే ఆ పనికి సరిపోనిది.

కవరు మీదే అబద్ధం రాస్తే? అప్పుడు ఫొటోలు చూసినా, కవరు చదివినా ఏమీ తేలదు, ల్యాబ్ కావాలి. పాల కొవ్వులో బ్యుటిరిక్ ఆమ్లం లాంటి చిన్న గొలుసు ఆమ్లాలుంటాయి. పామోలీన్‌లో అవి ఉండవు. దాన్ని కొలిచే పాత పద్ధతి రైకర్ట్ మైస్ల్ విలువ. నేతికి అది మామూలుగా ఇరవైకి పైనే ఉంటుంది, పామ్ ఆయిల్‌కి ఒకటి రెండు దాటదు. మొక్కల నూనె కలిస్తే, మొక్కల్లో ఉండే బీటా సిటోస్టెరాల్ కూడా కనిపిస్తుంది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఎవరైనా రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్ దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. మనకి నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. తూకానికి అమ్మే విడి పనీర్ మీద అనుమానం వస్తే దారి ఇదొక్కటే, ఎందుకంటే దానికి చదవడానికి కవరే ఉండదు. ధర మాత్రం ఒక సూచన ఇస్తుంది. గేదె పాలు ఐదు లీటర్లు విరగ్గొడితే సుమారు కిలో పనీర్ వస్తుంది. లీటరు 60 రూపాయలనుకున్నా పాలకే 300 అయింది. గ్యాసు, కూలి, చల్లదనం, లాభం కలిపాక, కిలో 220కి పాల పనీర్ ఇస్తానంటే ఎలా ఇస్తున్నావని అడగాల్సిందే.

ఇక మీ దగ్గరకు వస్తాను. మా అక్క విషయంలో తయారీదారు అనలాగ్ అన్న మాట కవరు మీద రాశాడు. చిన్న అక్షరాల్లో రాశాడు, అయినా రాశాడు. అనలాగ్ తయారు చేయడం, అమ్మడం నేరం కాదు. తక్కువ ధరకి అది కావాలనుకుని, తెలిసి కొనుక్కునేవాళ్లూ ఉంటారు, వాళ్లని తప్పుపట్టను. పేరు మారింది మీ దగ్గర. ఆ రెండో కవరుని మీ తెర మీద వెతికి చూశాను. సరుకు పేరు "మలాయ్ పనీర్ 1 కిలో" అని ఉంది. అనలాగ్ అన్న మాట పేరులోనూ లేదు, వివరణలోనూ లేదు. ఉన్న ఒక్క ఫొటో పుదీనా ఆకు పెట్టి స్టూడియోలో తీసిన తెల్లటి ముక్కలది. ఆ ముక్కల కూర్పు చూసి ఏమైనా చెబుదామంటే, అది ఆ కంపెనీ ముక్కో కాదో కూడా తెలియదు. కవరు వెనకవైపు ఫొటో లేదు. పదార్థాలు అన్న చోట "ప్యాకెట్ చూడండి" అని ఉంది. ప్యాకెట్ ఇంటికి వచ్చాక కదా చూసేది?

లేబుల్ మీద తప్పనిసరిగా ఉండాల్సిన వివరాల్ని, తయారీ తేదీ, బ్యాచ్ లాంటివి మినహా, అమ్మకానికి ముందే కొనేవాళ్లకు అందించాలని 2020 లేబులింగ్ నిబంధనలు ఆన్‌లైన్ అమ్మకందారులకు స్పష్టంగా చెబుతున్నాయి. పదార్థాల వరుస, సరుకు అసలు పేరు వాటిలో మొదటివి. కాబట్టి నేను అడగబోయేవాటిలో సగం మీరు ఇప్పటికే చేయాల్సినవే.

కవరు మీద ముందువైపు అనలాగ్ అని ఉన్న ప్రతి సరుకుకీ మీ తెర మీది పేరులో కూడా ఆ మాట పెట్టండి, అదీ పేరు మొదట్లోనే. చివర్లో పెడితే ఫోన్ తెర మీద మూడు చుక్కల వెనక దాగిపోతుంది. పనీర్ అని వెతికినప్పుడు రెండూ ఒకే వరుసలో కలిపి చూపించకండి. అనలాగ్‌లకు విడిగా ఒక విభాగం పెట్టండి. పదార్థాల్ని ఫొటోగానే కాకుండా అక్షరాలుగా టైప్ చేసి పెట్టండి. కవరు మీద ఆ అక్షరాలు మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి. ఫొటోను చిన్నది చేస్తే పామోలీన్ అన్న పేరు చీమల బారులా కనిపిస్తుంది. మా అక్కకి అరవై దాటాయి, ఆమె చదవగలిగేలా ఉండాలి.

స్టాక్ లేనప్పుడు బదులు పంపే పద్ధతి గురించి గట్టిగా చెబుతున్నాను. పనీర్ బదులు అనలాగ్ పంపడం అదే రకం పంపడం కాదు. నెయ్యి అడిగితే వనస్పతి పంపితే ఎవరూ అదే రకం అనరు. మీ జాబితాలో రెంటికీ ఒకే గుర్తు తగిలించారు కాబట్టే స్టోర్‌లో సర్దే పిల్లలు అది తీసి సంచిలో వేస్తున్నారు. తప్పు వాళ్లది కాదు. ఆ గుర్తును వేరు చేయడం మీ ఆఫీసులో ఒక రోజు పని. ఒకవేళ పొరపాటున వెళ్తే, విప్పిన ప్యాకెట్ వాపసు తీసుకోం అనకండి. విప్పి చూశాకే కదా తెలిసింది. మా అక్క ఆ రెండు కిలోల డబ్బూ పోగొట్టుకుంది, పొద్దున్నే హబ్సిగూడ వెళ్లి మళ్లీ రెండు కిలోలు కొనుక్కొచ్చింది. ఆ టెన్షన్‌లో మనవడికి స్నానం చేయించే వేళ కూడా దాటిపోయింది.

ఫొటోల విషయానికి వస్తే, స్టూడియో ముక్కల బొమ్మ మీకు ఇష్టమైతే ఉంచుకోండి. దాని పక్కన ఆ కంపెనీ దిమ్మను నిజంగా విప్పి తీసిన ఒక ఫొటో పెట్టండి. దిమ్మను చాకుతో కోయకుండా చేత్తో రెండుగా విరవండి, పలుకు ఉంటే అక్కడే బయటపడుతుంది. పైన తడి ఉంటే మెత్తటి గుడ్డతో ఒక్కసారి అద్దండి. ఫ్లాష్ వేయొద్దు. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా చూడండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. నున్నగా చేసే ఫిల్టర్లన్నీ ఆపేయండి. ఆ ఫొటో కింద "ఫొటో చూసి పాల కొవ్వో కాదో చెప్పలేం, పదార్థాల వరుస చదవండి" అని ఒక వాక్యం రాయండి. స్టార్చ్‌తో పోసిన దిమ్మల్ని కొంతవరకు కళ్లతోనే అనుమానించే వీలు దీనితో దొరుకుతుంది. మిగతాది వరుస చెబుతుంది.

ఆ రెండు కవర్లనీ కడిగి ఆరబెట్టి నా దగ్గర ఉంచాను. అక్క తీసిన ఫొటోలు, మీ తెర మీద ఆ రోజు కనిపించిన పేరు స్క్రీన్‌షాట్ కూడా ఉన్నాయి. శ్రావణం అయిపోయినా కార్తీకంలో వనభోజనాల ఆర్డర్లు మొదలవుతాయి. ఆ లోపు మీ కేటలాగ్ విభాగం వాళ్లు ఎవరైనా కూర్చుని చూడాలనుకుంటే, నేను వచ్చి ఒక్కో సరుకూ వరుస చదివి ఏది ఏ విభాగంలో ఉండాలో చెప్పగలను. దానికి నాకేమీ ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డెయిరీ ల్యాబ్ ఉద్యోగి
తార్నాక, హైదరాబాద్